8 మార్కుల లెక్కకి స్టెప్ మార్కులు ఎలా పంచాలి? జవాబు తప్పినా పద్ధతికి మార్కులు ఇచ్చేలా కీ రాయాలి

గుంటూరు_లెక్కల_టీచర్

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. మావి నాలుగు బ్రాంచీలు. ప్రీ ఫైనల్ పేపరు అన్నిటికీ ఒకటే, దిద్దేది ఆరుగురం. ఈసారి కీ రాసే పని నాకు అప్పగించారు.

హాఫ్ ఇయర్లీలో జరిగింది చెబుతాను. ఇద్దరు పిల్లలు ఒకే లెక్కలో ఒకే చోట గుర్తు తప్పు చేశారు. ప్లస్ రాయాల్సిన చోట మైనస్ రాశారు, మిగతాదంతా బాగానే చేశారు. ఒకరి పేపరు నా దగ్గరికి వచ్చింది, 7 వేశాను. ఇంకొకరి పేపరు వేరే బ్రాంచి సార్ దిద్దారు, 2 వేశారు. పిల్లలిద్దరూ ఒకే ట్యూషన్‌కి వెళ్తారు. పేపర్లు పక్కపక్కన పెట్టి చూసుకుని నా దగ్గరికే వచ్చారు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ సార్ తప్పేమీ లేదు, ఎందుకంటే కీలో సాధన మాత్రమే ఉంది, చివర "8 మార్కులు" అని ఉంది. ఏ మార్కు ఎక్కడ ఇవ్వాలో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు ప్రీ ఫైనల్‌లో నాలుగో సెక్షన్‌కి నేను పెడుతున్న లెక్క ఇది:

"ఒక బస్సు 300 కి.మీ. దూరాన్ని సమవేగంతో ప్రయాణించింది. వేగం గంటకు 10 కి.మీ. ఎక్కువగా ఉంటే 1 గంట ముందే చేరేది. బస్సు వేగం ఎంత?"

దీనికి సాధన ఎనిమిది లైన్లు వచ్చింది. లైనుకి ఒక మార్కు చొప్పున పంచేశాను. ఇది సరిపోతుందా? దిద్దిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెంజ్‌సర్కిల్_అబ్బాయి

మేడమ్, జేఈఈ మెయిన్‌లో స్టెప్ మార్కులు ఉండవు కదా. న్యూమరికల్ ప్రశ్నలో కూడా చివరి నంబరు ఒక్కటే చూస్తారు. పిల్లలకి ఇప్పటి నుంచే జవాబు సరిగ్గా తెచ్చుకోవడం అలవాటు చేస్తే మంచిది. నేను టెన్త్‌లో స్టెప్పులన్నీ రాసేవాణ్ని, ఇంటర్‌కి వచ్చాక స్పీడు రాక చాలా టెన్షన్ పడ్డాను.

గుంటూరు_లెక్కల_టీచర్

బాబూ, నేను అడిగింది పిల్లలు ఎలా రాయాలని కాదు, మేం ఎలా దిద్దాలని. జేఈఈ మెయిన్ పేపరు కంప్యూటరు దిద్దుతుంది కాబట్టి అక్కడ జవాబు ఒక్కటే చూస్తారు. పదో తరగతిలో 100 మార్కుల పేపరులో 8 మార్కుల ప్రశ్నలు 5 ఉంటాయి. 40 మార్కులు మనిషి చేతిలో ఉంటాయి. ఆ చేయి ఆరు రకాలుగా పోకుండా ఎలా రాయాలనేది నా ప్రశ్న.

పటమట_మాస్టారు

అమ్మా, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, పదో తరగతి స్పాట్‌లో చాలా ఏళ్లు దిద్దాను, కొన్నేళ్లు చీఫ్ ఎగ్జామినర్‌గా కూర్చున్నాను. లైనుకో మార్కు మాత్రం వద్దు. మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది.

మీ ఎనిమిది లైన్లలో మొదటిది "బస్సు వేగం గంటకు x కి.మీ. అనుకుందాం" అయి ఉంటుంది. రెండోది "దూరం = 300 కి.మీ." అయి ఉంటుంది. ఆ రెండూ ప్రశ్నలో ఉన్నవే. ఆ రెండు లైన్లు రాసి ఆగిపోయిన పిల్లవాడికి 2 వస్తాయి. తెలివైన పిల్ల ఆ రెండూ రాయకుండా నేరుగా `300/x − 300/(x+10) = 1` అని మొదలుపెట్టి ఐదు లైన్లలో ముగిస్తే, దిద్దేవాడు లైన్లు లెక్కపెట్టి ఆమెకి 5 వేస్తాడు. ఇలాంటి కీ పట్టుకుని దిద్దడం నేను కళ్లారా చూశాను.

మార్కు లైనుకి కాదు, ఆ లైను రాయడానికి పిల్లవాడు తెలుసుకోవలసిన విషయానికి ఇవ్వాలి. ఈ లెక్కలో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని తెలిసి రెండు కాలాలూ రాయాలి. ఎక్కువ కాలంలోంచి తక్కువ కాలం తీసేస్తే 1 గంట అని సమీకరణం పెట్టాలి. హారాలు తీసేసి వర్గ సమీకరణంగా మార్చాలి. దాన్ని సాధించాలి. రుణ మూలం వేగం కాదని వదిలెయ్యాలి. అంతే, ఇవి ఐదు పనులు. 8 మార్కులు వీటి మీద పరవాలి.

ఇంకో మాట. ప్రతి పనిలోనూ రెండు ఉంటాయి, పద్ధతి ఒకటి, ఫలితం ఒకటి. హారాలు తీయడానికి రెండు వైపులా `x(x+10)`తో గుణించడం పద్ధతి. `x² + 10x − 3000 = 0` రావడం ఫలితం. పద్ధతి సరిగ్గా ఉండి ఫలితం తప్పితే పద్ధతి మార్కు నిలబడాలి. పద్ధతి లేకుండా ఫలితం మార్కు మాత్రం ఇవ్వకూడదు.

మంగళగిరి_మ్యాథ్స్

మాస్టారు చెప్పినది ఇంగ్లండ్ బోర్డుల పద్ధతి కూడా. నేను కువైట్‌లో ఆరేళ్లు ఆ సిలబస్ చెప్పాను. అక్కడ కీలో ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం ఉంటుంది. పద్ధతి మార్కుకి ఎం, కచ్చితత్వం మార్కుకి ఏ, పద్ధతితో సంబంధం లేకుండా విడిగా ఇచ్చే మార్కుకి బీ. ఎం రాకపోతే దాన్ని పట్టుకుని ఉన్న ఏ కూడా రాదు. దిద్దేవాళ్లు పేపరు మార్జిన్‌లో ఆ అక్షరాలు వేసుకుంటూ పోతారు, కాబట్టి 6 వేస్తే ఏ 6 అనేది మూడోవాడికీ తెలుస్తుంది. మీరు తెలుగులోనే పెట్టుకోండి, పద్ధతికి "ప", ఫలితానికి "ఫ".

ఇంటర్_లెక్చరర్_విజయవాడ

సిద్ధాంతంగా బాగానే ఉంది కానీ ఒకటి గుర్తుంచుకోండి. సమీకరణం తప్పితే తర్వాత చేసిందంతా వేరే లెక్క. వేరే లెక్కకి మార్కులు ఇవ్వడం ఎందుకు? నేనైతే తప్పు జరిగిన చోట గీత గీసి, దానిపైన ఉన్నదానికే మార్కులు వేస్తాను. ఫార్ములా రాసి ఉంటే దానికి విడిగా ఒకటి ఇస్తాను, పిల్లవాడు కష్టపడి నేర్చుకున్నాడు కాబట్టి.

పటమట_మాస్టారు

లెక్చరర్ గారూ, ఆ గీత గీయడం వల్లే మేడమ్ గారి పిల్లవాడికి 2 వచ్చింది. ఒక తప్పుకి ఒకసారే కోత. సీబీఎస్ఈ వాళ్లు దిద్దేవాళ్లకిచ్చే సూచనల్లోనే ఈ మాట ఉంటుంది, ఒక తప్పు వల్ల తర్వాత వచ్చే తప్పులకి మళ్లీ మార్కులు తగ్గించకూడదు, ఒక్కసారే తగ్గించాలి అని.

ఈ లెక్కలోనే చూపిస్తాను. పిల్లవాడు సమీకరణం సరిగ్గా పెట్టాడు, హారాలు తీశాడు, పక్షం మార్చేటప్పుడు గుర్తు తప్పి `x² − 10x − 3000 = 0` అని రాశాడు. దాన్ని `(x − 60)(x + 50) = 0` అని విడగొట్టి, 60, −50 తెచ్చి, వేగం రుణం కాదు కాబట్టి 60 అన్నాడు. తప్పింది ఒక్క గుర్తు. కారణాంకాలు విడగొట్టడం అతనికి వచ్చని మనకి కళ్లకు కనిపిస్తోంది. రుణ మూలాన్ని ఎందుకు వదిలెయ్యాలో కూడా తెలుసు. అవి వచ్చని తెలిశాక రాదన్నట్టు సున్నా వేయడం దిద్దడం కాదు.

కానీ మీ మాటలో సగం నిజం ఉంది, దాన్ని కీలో రాయాలి. తప్పు వల్ల మిగతా లెక్క సులువైపోతే మార్కులు వెంటరావు. ఇంకొకడు `x²` బదులు `x` రాసి `x + 10x = 3000` అన్నాడనుకోండి. `11x = 3000` అయింది, 272.7 వచ్చింది. ఇక్కడ వర్గ సమీకరణం సాధించడం అనే పనే లేదు. వదిలెయ్యడానికి రుణ మూలం లేదు. ఆ మార్కులు అతను చూపించనే లేదు, ఇవ్వలేం. బస్సు గంటకు 272 కి.మీ. పోవడమేమిటని ఆగి చూసుకోవాల్సిందని పేపరు మీద రాస్తాను, అంతే.

ఇక ఫార్ములా సంగతి. ఊరికే `x = (−b ± √(b² − 4ac))/2a` అని రాసి వదిలేస్తే నేను మార్కు ఇవ్వను. అందులో a, b, c విలువలు పెడితే ఇస్తాను. విలువ ఒకటి తప్పు పెట్టినా పద్ధతి మార్కు ఇస్తాను.

ఇంటర్_లెక్చరర్_విజయవాడ

ఫార్ములాకి మార్కు విషయంలో నేను ఒప్పుకోను సార్. వెనకబడిన పిల్లవాడు దాని మీదే పాసవుతాడు. మిగతాది ఆలోచించదగ్గదే. లెక్క సులువైతే మార్కులు పోతాయనే నియమం ఉంటే నా అభ్యంతరం చాలావరకు తీరినట్టే.

కొత్తపేట_అమ్మ

నేను టీచరును కాదు, తల్లిని. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు కానీ మా పాప విషయం అచ్చం ఇలాంటిదే. మొన్న స్కూలు పరీక్షలో ఇలాంటి బస్సు లెక్కే వచ్చింది. పాప వేగం x అనుకోకుండా కాలం t అనుకుందట. జవాబు సరిగ్గా వచ్చింది. కానీ దిద్దినవాళ్లు మొదటి సమీకరణం దగ్గరే ఇంటూ కొట్టి సున్నా వేశారు. అడిగితే "కీలో ఇలా లేదు" అన్నారు. పాప రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అలా చేయడం తప్పా అండీ? రీకౌంటింగ్ పెట్టించవచ్చా?

పటమట_మాస్టారు

తప్పు కాదమ్మా. పాపకి చెప్పండి, ఈ లెక్కలో అదే అందమైన దారి. మేడమ్ గారి లెక్కనే t తో చేస్తే, మామూలు కాలం t గంటలు, వేగం పెరిగితే `t − 1` గంటలు. వేగాల తేడా 10 కాబట్టి `300/(t − 1) − 300/t = 10`. హారాలు తీస్తే `t² − t − 30 = 0`. `(t − 6)(t + 5) = 0`. t = 6, వేగం 300/6, అంటే 50. మూడు వేలకి కారణాంకాలు వెతికే బాధ లేదు, ముప్పైకి వెతికితే చాలు.

స్కూలు పరీక్షకి రీకౌంటింగ్ అంటూ ఉండదు. పేపరు పట్టుకుని నెమ్మదిగా ఆ సబ్జెక్టు టీచర్నే కలవండి. కీలో లేని దారిలో సరిగ్గా వచ్చిందని చూపించండి. పాపని కూడా పక్కన పెట్టుకోండి, తనే చెప్పగలదు.

మేడమ్ గారూ, మీ కీకి ఇందులో పని ఉంది. t దారిని రెండో సాధనగా కీలో పూర్తిగా రాయండి, మార్కులు కూడా పంచి రాయండి. "ఇతర సరైన పద్ధతులకు తగిన మార్కులు ఇవ్వవచ్చు" అని కింద ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, "తగిన" అనే మాటకి ఆరుగురు ఆరు అర్థాలు తీస్తారు.

గుంటూరు_లెక్కల_టీచర్

కొత్తపేట అమ్మగారూ, మీరు రాయడం మంచిదైంది. t దారి నాకు తట్టనే లేదు. మీ పాపలాంటి వాళ్లు నా క్లాసులో కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటారు.

మాస్టారు చెప్పినట్టు మళ్లీ రాశాను. చూడండి:

```
300/x                              ప 1
300/(x+10)                         ప 1
300/x − 300/(x+10) = 1             ప 1
x(x+10)తో రెండు వైపులా గుణించడం     ప 1
x² + 10x − 3000 = 0                ఫ 1
కారణాంకాలు లేదా సూత్రంలో విలువలు    ప 1
x = 50, x = −60                    ఫ 1
కారణం చెప్పి −60 వదలడం, 50 కి.మీ./గం  ఫ 1
```

కింద రెండు వాక్యాలు రాశాను. ఒక తప్పుకి ఒకసారే కోత. తప్పు వల్ల మిగతా పని సులువైతే ఆ పని మార్కులు ఇవ్వవద్దు.

60 తెచ్చిన పిల్లవాడికి దీని ప్రకారం 7 వస్తాయి. ఒక్క `x² + 10x − 3000` ఫలితం మార్కే పోతుంది. హాఫ్ ఇయర్లీలో నేను వేసిందీ అదే.

మంగళగిరి_మ్యాథ్స్

బాగుంది. చివరి మార్కు గురించి మాత్రం తేల్చుకోండి. నేను చెప్పిన బోర్డుల్లో చాలాసార్లు చివరి జవాబు మార్కుకి సరైన జవాబే కావాలని షరతు పెడతారు. అలా అయితే 60 తెచ్చినవాడికి 6. మీ "ఒకసారే కోత" ప్రకారం 7. రెండూ న్యాయమే, కానీ ఆరుగురూ ఒకటే పాటించాలి. నేనైతే 7 వైపే.

ఇంకొకటి, ఆ చివరి వరుసలో మీరు రెండు పనులు ఒక మార్కులో కలిపారు. వదిలెయ్యడం ఒకటి, జవాబు ప్రమాణంతో రాయడం ఒకటి. పిల్ల −60 కొట్టేసి, కారణం రాయకుండా, "50" అని ప్రమాణం లేకుండా రాస్తే? అర మార్కా, సున్నానా? ఇలాంటి చోటే చేతులు తేడా వస్తాయి.

పటమట_మాస్టారు

చక్కగా పట్టుకున్నారు. అర మార్కులు వాడుకోండి. వదిలెయ్యడానికి అర, ప్రమాణంతో జవాబుకి అర. −60 ని గీత పెట్టి కొట్టేసి 50 మాత్రమే చివర రాస్తే వదిలినట్టే లెక్క అని కూడా రాసెయ్యండి. లేదంటే ఒకరు "కారణం ఏదీ?" అని పట్టుబడతారు. కారణం తప్పనిసరి అనుకుంటే ప్రశ్నలోనే అడగాలి.

ఇప్పుడు అసలు పని చెబుతాను. కీ ఫైనల్ అనుకోకండి. పరీక్ష అయ్యాక కట్టలు పంచకముందు, నాలుగు బ్రాంచీల నుంచీ కలిపి పదిహేను పేపర్లు తీయండి. బాగా రాసేవాళ్లవి కాదు, మధ్యస్థంగా రాసేవాళ్లవి. బాగా రాసినవాడికి ఏ కీ అయినా 8 ఇస్తుంది, ఏమీ రాయనివాడికి ఏ కీ అయినా 0 ఇస్తుంది. కీ బలం తెలిసేది 3కీ 6కీ మధ్యలోనే. ఆ పదిహేనూ జిరాక్స్ తీసి, మార్కులేమీ వేయకుండా, ఇద్దరు విడివిడిగా దిద్దాలి. ఒకరి అంకెలు ఒకరు చూడకూడదు. తర్వాత పక్కపక్కన పెట్టుకోండి. ఒక పేపరులో ఒక మార్కు కంటే ఎక్కువ తేడా వస్తే, ఎవరిది తప్పని వాదించుకోకుండా, ఏ వరుస దగ్గర విడిపోయారో చూడండి. ఆ వరుసని మళ్లీ రాయాలన్నమాట.

మార్జిన్‌లో "ప", "ఫ" వేయకపోతే ఇది కుదరదు. ఊరికే చివర 5 అని ఉంటే ఎక్కడ విడిపోయారో తెలియదు.

గుంటూరు_లెక్కల_టీచర్

తప్పకుండా చేస్తాను మాస్టారూ. పరీక్ష సోమవారం. అయ్యాక వచ్చి రాస్తాను.

గుంటూరు_లెక్కల_టీచర్

పరీక్ష అయింది. పదిహేను పేపర్లు నేనూ, ఇంకో బ్రాంచి సారూ విడిగా దిద్దాం (హాఫ్ ఇయర్లీలో 2 వేసిన సారే, ఆయనే ముందుకొచ్చారు). పన్నెండింటిలో అర మార్కుకి మించి తేడా రాలేదు. మూడింటిలో వచ్చింది. ఆ మూడూ ఇక్కడ పెడుతున్నాను, మీ అభిప్రాయం కావాలి.

మొదటిది. పిల్లవాడు సమీకరణమే పెట్టలేదు. "వేగం 50 అయితే 300/50 = 6 గంటలు. వేగం 60 అయితే 300/60 = 5 గంటలు. తేడా 1 గంట. కాబట్టి బస్సు వేగం 50 కి.మీ./గం." అంతే రాశాడు. పైన 30, 40 లకి కూడా వేసి చూసుకుని కొట్టేసిన గుర్తులున్నాయి. నేను 4 వేశాను, సార్ 1 వేశారు.

రెండోదీ మూడోదీ కలిపి చూడాలి. ఇద్దరూ సమీకరణం తిరగేశారు, `300/(x+10) − 300/x = 1` అన్నారు. హారాలు తీస్తే `x² + 10x + 3000 = 0` వస్తుంది. ఒక అమ్మాయి అలాగే రాసి, విచక్షణి 100 − 12000 అని లెక్కేసి, "రుణ సంఖ్య వచ్చింది, వాస్తవ మూలాలు లేవు, నేను ఎక్కడో తప్పు చేశాను" అని రాసి ఆపేసింది. ఇంకొక అబ్బాయి హారాలు తీసే వరస వరకు అలాగే వచ్చి, తర్వాతి వరసలో ఏ వివరణా లేకుండా `x² + 10x − 3000 = 0` అని రాసి, 50 తెచ్చాడు. అక్కడ ప్లస్ కొట్టేసి మైనస్ దిద్దినట్టు సిరా మసక కనిపిస్తోంది.

నా కీని అక్షరాలా పాటిస్తే అమ్మాయికి రెండు కాలాలకి 2, హారాలు తీసినందుకు 1, తన సమీకరణం నుంచి సరైన వర్గ సమీకరణానికి 1, సూత్రంలో విలువలు పెట్టినందుకు 1. మొత్తం 5. అబ్బాయికి కాలాలకి 2, హారాలకి 1, వర్గ సమీకరణం తన పై వరస నుంచి రాదు కాబట్టి 0, సాధించినందుకు 1, మూలాలకి 1, జవాబుకి 1. మొత్తం 6.

ఇది నాకు మింగుడు పడటం లేదు. తన తప్పు తనే గుర్తుపట్టి నిజం రాసిన పిల్లకి, గుర్తు మార్చేసిన పిల్లవాడి కంటే తక్కువ వేయమని నేను రాసిన కీయే చెబుతోంది.

ఇంటర్_లెక్చరర్_విజయవాడ

మొదటివాడికి 1 చాలు. ఊహించి రాశాడు. పరీక్షలో ఊహకి మార్కులా?

మూడోవాడి గురించి నేను మొదట చెప్పిందే చెబుతాను. తప్పు దగ్గర గీత గీసి ఉంటే ఈ చిక్కే రాదు.

కొత్తపేట_అమ్మ

ఆ అమ్మాయికి ఎక్కువ ఇవ్వండి అండీ. అంత నిజాయితీగా రాసింది.

నేను మా పాప టీచర్ని కలిశాను. పాపనే బోర్డు మీద చేయమన్నారు. చేసింది. మార్కులు మార్చారు.

మంగళగిరి_మ్యాథ్స్

కొత్తపేట అమ్మగారూ, చాలా సంతోషం.

నిజాయితీకి మార్కులు అనేది కీలో రాయలేం, కానీ ఆ అమ్మాయికి 6 ఇవ్వడానికి లెక్క ప్రకారమే దారి ఉంది. మీ ఏడో వరస "x = 50, x = −60" అంటోంది. ఆమె సమీకరణానికి సరైన ఫలితం "వాస్తవ మూలాలు లేవు". ఆ ముగింపు తప్పకుండా నిజం, విచక్షణి లెక్క కూడా సరిగ్గా ఉంది. కాబట్టి ఆ ఫలితం మార్కు ఆమెకి వస్తుంది. పోయేది సమీకరణం మార్కూ, చివరిదీ. అప్పుడు 6.

పటమట_మాస్టారు

మంగళగిరి వారి మాటతో నేనూ ఏకీభవిస్తాను. అమ్మాయికి 6.

అబ్బాయి దగ్గర కొంచెం ఆగుదాం. అతను చేసింది మోసమని మనం రాయలేం. సమీకరణం తప్పని గ్రహించి, మొదటి వరస దిద్దడం మరిచి, కింద మాత్రం సరిచేసి ఉండొచ్చు. పేపరు చూసి మనసు చదవలేం. కానీ పై వరస నుంచి కింది వరస రానప్పుడు, కింద ఉన్న సరైన ఫలితాలకి ఆధారం లేదు. నేను ఇలా రాస్తాను: "కారణం లేకుండా గుర్తు మారితే, ఆ తర్వాత పద్ధతి మార్కులు ఇవ్వాలి, ఫలితం మార్కులు ఇవ్వకూడదు." అప్పుడు అతనికి కాలాలకి 2, హారాలకి 1, సాధించే పద్ధతికి 1. మొత్తం 4. పై వరసలో కూడా దిద్దుకుని ఉంటే పూర్తి 8 వచ్చేవి.

మొదటివాడు ఊహించలేదు లెక్చరర్ గారూ, వేసి చూశాడు. 30, 40 కొట్టేసిన గుర్తులు అదే చెబుతున్నాయి. మేడమ్ గారి ప్రశ్న "వేగం ఎంత?" అని మాత్రమే అడిగింది. వర్గ సమీకరణం రూపొందించమని అడగలేదు. 50 షరతుకి సరిపోతుందని అతను పూర్తిగా చూపించాడు. చూపించనిది ఒక్కటే, 50 తప్ప ఇంకోటి సరిపోదని. వేగం పెరిగేకొద్దీ ఆ కాలాల తేడా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇంకోటి ఉండదు, ఆ మాట ఒక్కటి రాసి ఉంటే నేను 8 వేసేవాణ్ని. రాయలేదు కాబట్టి కాలాలకి 2, తేడా సరిచూసినందుకు 1, జవాబుకి 1. మేడమ్ గారి 4 సరైనదే.

ఇంటర్_లెక్చరర్_విజయవాడ

8 అంటే నేను ఎప్పటికీ ఒప్పుకోను సార్. ఆ పాఠం పేరే వర్గ సమీకరణాలు. 4 అంటే సరే, సర్దుకుంటాను. వచ్చేసారి ప్రశ్నలోనే "వర్గ సమీకరణం రూపొందించి" అని రాయండి మేడమ్, ఈ వాదన ఉండదు.

మంగళగిరి_మ్యాథ్స్

నాకు అబ్బాయికి 4 అనేది కొంచెం కఠినంగా ఉంది మాస్టారూ. `x² + 10x − 3000 = 0` ని విడగొట్టి 50, −60 తెచ్చాడు, ఆ పనిలో తప్పేమీ లేదు. "ఒక తప్పుకి ఒకసారే కోత" అన్నది మీరే. గుర్తు మార్చినందుకు వర్గ సమీకరణం ఫలితం మార్కు కోశాం. మళ్లీ మూలాల మార్కు కూడా ఎందుకు కోయాలి? నా లెక్కలో అతనికి 5. సమీకరణం మార్కు, వర్గ సమీకరణం ఫలితం మార్కు, చివరి మార్కు, ఈ మూడే పోవాలి.

పటమట_మాస్టారు

ఆలోచించదగ్గ మాటే. 60 తెచ్చినవాడి గుర్తు తప్పు చేతి పొరపాటు, అది తన దారిలోనే ముందుకు పోయింది. ఇతని గుర్తు మార్పు దారి మార్చింది, పైదానికీ కిందిదానికీ తెగిపోయింది. అందుకే రెండిటినీ ఒకేలా చూడలేకపోతున్నాను. కానీ 5 వేసినవాణ్ని నేను తప్పు పట్టను. ఆరుగురూ 5 వేస్తే 5, 4 వేస్తే 4.

గుంటూరు_లెక్కల_టీచర్

ఈ సాయంత్రం ఆరుగురం కూర్చున్నాం. వేసి చూసిన పిల్లవాడికి 4, అమ్మాయికి 6 అని అందరూ ఒప్పుకున్నారు. అబ్బాయి విషయంలో ముగ్గురు 4 అన్నారు, ముగ్గురు 5 అన్నారు. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాం: కారణం లేకుండా గుర్తు మారిన పేపరు ఏది వచ్చినా మార్కులు వేయకుండా పక్కన పెట్టి, చివర్లో అందరం కలిసి ఒకేసారి చూడాలి. ఇప్పటివరకు నాలుగు కట్టలు విప్పితే అలాంటివి ఏడు తేలాయి. అందులో రెండింటిలో పిల్లలు పై వరసలో కూడా చిన్నగా దిద్దుకున్నారు, కొట్టేసిన గీత కింద అసలు గుర్తు కనిపిస్తోంది. ఆ రెండింటికీ 8 వేసేశాం. మిగతా ఐదూ రేపు చూస్తాం.

t దారిలో చేసినవాళ్లు తొమ్మిది మంది తేలారు. రెండో సాధన కీలో ఉండటంతో ఎవరూ ఆగలేదు.

పటమట_మాస్టారు

ఆ ఐదింటిలో రఫ్ వర్క్ కోసం పేజీ కుడి మార్జినూ, చివరి పేజీ వెనకా చూడండి. గుర్తు ఎందుకు మార్చారో పిల్లలు చాలాసార్లు అక్కడ రాసుకుంటారు.

గుంటూరు_లెక్కల_టీచర్

చూశాను మాస్టారూ. ఒకదానిలో ఉంది. చివరి పేజీ వెనక పెన్సిల్‌తో "తక్కువ వేగం → ఎక్కువ టైం" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసుకుంది ఆ పిల్ల.

పటమట_మాస్టారు

ఆ పిల్లకి కారణం ఉన్నట్టే. సమీకరణం మార్కుతో సహా వేసెయ్యండి.

మంగళగిరి_మ్యాథ్స్

నేనూ వేసేవాణ్ని. మిగతా నాలుగింటికి మాత్రం నాది 5 అనే మాటే.